జెనరిక్ మందు ఎందుకంత చౌక? ఒక ఫార్మసిస్టు రేడియో ప్రసంగం

శ్రోతలందరికీ నమస్కారం.

మందులు తీసుకోవడానికి వచ్చేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "రెండింట్లోనూ ఉన్నది ఒకటే మందంటున్నారు. మరి దీని రేటు దాంట్లో సగం కూడా లేదేంటండీ? ఏదో ఒకటి తగ్గించకుండా రేటు ఎలా తగ్గుతుంది?" సబబైన అనుమానమే. నిజంగానే ఒకటి తగ్గింది. బిళ్ళలో ఉన్న మందు మాత్రం తగ్గలేదు. ఆ మందు రోగం మీద పనిచేస్తుందని రుజువు చేయడానికి అయ్యే ఖర్చు ఉంది చూశారూ, దాన్ని రెండోసారి పెట్టక్కర్లేకపోయింది. ఈ ఒక్క మాట అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి ఈ పూట దాన్నే కొంచెం విడమర్చి చెబుతాను.

ఉదాహరణకు ఒకే మందు తీసుకుందాం, చివరిదాకా దాన్నే పట్టుకుని వెళదాం. కొలెస్ట్రాల్ తగ్గడానికి వాడే అటోర్వాస్టాటిన్. మీలో చాలామంది ఇంట్లో ఎవరో ఒకరు రాత్రిపూట వేసుకుంటూనే ఉంటారు. అటోర్వాస్టాటిన్ అనేది ఆ రసాయనం పేరు. ఏ దేశం వెళ్ళినా, ఏ కంపెనీ చేసినా ఆ పేరు మారదు. దాన్ని మొదట కనిపెట్టిన కంపెనీ మార్కెట్లోకి తెచ్చినప్పుడు పెట్టుకున్న పేరు లిపిటర్. అమెరికాలో 1996 చివర్లో అనుమతి వచ్చింది. పేటెంటు రక్షణ ముగిసి, అదే దేశంలో ఇంకో కంపెనీ అటోర్వాస్టాటిన్ బిళ్ళ అమ్మడం మొదలైంది 2011 నవంబరు 30న. ఆ రెండో బిళ్ళనే జెనరిక్ అంటాం. అసలు కంపెనీ మందు ఎంత మోతాదో అంతే మోతాదు, అదే రూపం, అదే దారిలో ఒంట్లోకి వెళ్ళేది, అదే జబ్బుకి వాడేది.

ఇప్పుడు అసలు కంపెనీ ఏం చేయాల్సి వచ్చిందో చూడండి. రసాయనాన్ని తయారుచేయాలి, జంతువుల మీద పరీక్షించాలి. తర్వాత ఆరోగ్యవంతులైన కొద్దిమంది మీద, ఆపైన వందలమంది రోగుల మీద, చివరికి వేలమంది మీద చూడాలి. ఈ దారిలో మధ్యలోనే ఆగిపోయే మందులే ఎక్కువ. వాటి మీద పోసిన డబ్బు కూడా, నెగ్గిన మందు మీదే తిరిగి రావాలి. అనుమతి వచ్చాక కూడా పరీక్షలు ఆగవు. కొలెస్ట్రాల్ అంకె తగ్గితే సరిపోదు కదా, గుండెపోట్లు తగ్గుతున్నాయా అని తేలాలి. బీపీ ఉన్నవాళ్ళలో అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన ఆస్కాట్ అనే అధ్యయనంలో 10,305 మంది పాల్గొన్నారు. సగం మందికి మందు, సగం మందికి మందులేని ఉత్తి బిళ్ళ ఇచ్చి, మూడేళ్ళకు పైగా గమనించారు. ఎన్ని ఆసుపత్రులు, ఎంతమంది డాక్టర్లు, ఎన్ని రక్తపరీక్షలు కావాలో ఊహించుకోండి. పేటెంటు గడువేమో దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ళు. అందులో చాలా ఏళ్ళు పరీక్షల్లోనే కరిగిపోతాయి. మిగిలిన ఏళ్ళలో పెట్టుబడి రాబట్టుకోవాలి, లాభం చేసుకోవాలి, డాక్టర్ల దగ్గరకు మనుషుల్ని పంపి కొత్త పేరు అలవాటు చేయాలి. బ్రాండు మందు రేటులో ఇదంతా కలిసి ఉంటుంది. ఆ సంవత్సరాల్లో పోటీ ఉండదు కనుక, కంపెనీ ఎంత అడిగితే అంత అనే సంగతి కూడా అందులోనే ఉంటుంది. ఆ మాట దాచడం ఎందుకు?

పేటెంటు ముగిసింది. ఇంకో కంపెనీ అదే అటోర్వాస్టాటిన్ చేస్తానంటూ ముందుకొచ్చింది. దాన్ని మళ్ళీ పదివేల మంది మీద పరీక్షించమనాలా? కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. పైగా, మందు గుండెపోటును ఆపుతుందని తెలిసిన తర్వాత కూడా సగం మంది రోగులకు ఉత్తి బిళ్ళ ఇవ్వడం అన్యాయం. ఈ తర్కాన్నే అమెరికా 1984లో హ్యాచ్-వాక్స్‌మన్ చట్టంగా తెచ్చింది. ఇలాంటి పద్ధతే ఇతర దేశాల్లోనూ ఉంది. మందు పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్న తేలిపోయింది కాబట్టి జెనరిక్ కంపెనీ దాని జోలికి పోనక్కర్లేదు. దానికి మిగిలేది చిన్న ప్రశ్న: నీ బిళ్ళ మింగితే ఆ మందు అసలు బిళ్ళలాగే, అంతే వేగంగా, అంతే మొత్తంలో రక్తంలోకి చేరుతుందా? చేరిందంటే ఆ తర్వాత కాలేయానికి గానీ గుండెకు గానీ అది ఎవరి ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో తెలిసే దారి లేదు. ఈ పోలిక రుజువు చేయడాన్నే బయోఈక్వివలెన్స్ పరీక్ష అంటారు.

ఆ పరీక్ష ఎలా జరుగుతుందో మీ కళ్ళకు కట్టించే ప్రయత్నం చేస్తాను. ఆరోగ్యంగా ఉన్న కొన్ని డజన్ల మంది వాలంటీర్లను ఒక వార్డులో ఉంచుతారు. రాత్రంతా ఏమీ తినకూడదు. పొద్దున్నే సగం మందికి అసలు బిళ్ళ, సగం మందికి జెనరిక్ బిళ్ళ, కొలిచిన నీళ్ళతో మింగిస్తారు. నర్సు వచ్చి నోరు తెరవమని, నాలుక ఎత్తమని చూస్తుంది, దాచుకోలేదు కదా అని. ఇక అక్కడి నుంచి గడియారం చూసుకుంటూ రక్తం తీస్తారు. మొదట్లో నిమిషాల తేడాలో, తర్వాత గంటకోసారి, ఆ తర్వాత ఇంకా దూరం దూరంగా. ప్రతి నమూనాలోనూ మందు ఎంత ఉందో కొలుస్తారు. అటోర్వాస్టాటిన్ అయితే గంటా రెండు గంటల్లో రక్తంలో పతాకస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగుతుంది. సుమారు 14 గంటలకు ఉన్నదాంట్లో సగమవుతుంది. అది ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి ఆగి, మళ్ళీ అదే మనుషుల్ని పిలుస్తారు. ఈసారి మొదట అసలు బిళ్ళ వేసుకున్నవాళ్ళకు జెనరిక్, జెనరిక్ వేసుకున్నవాళ్ళకు అసలుది. ఒకరి అరుగుదల, ఒకరి బరువు ఇంకొకరిలా ఉండవు కనుక, ఎవరిని వాళ్ళతోనే పోల్చడానికి ఈ ఏర్పాటు. వేలమందితో ఏళ్ళ తరబడి చేయాల్సిన పని కొన్ని డజన్ల మందితో వారాల్లో ముగియడానికి ఇదే కారణం.

రేడియోలో గీత గీసి చూపించలేను కానీ, కొండ ఆకారం ఊహించుకుంటే చాలు. ఎడమవైపు నుంచి పైకి ఎక్కి, కుడివైపు నెమ్మదిగా దిగే గీత. అందులో రెండు విషయాలు చూస్తారు. ఆ కొండ ఎంత ఎత్తు, అంటే రక్తంలో మందు గరిష్ఠంగా ఎంతకు చేరింది. గీత కింద ఎంత జాగా ఉంది, అంటే మొత్తం మీద ఒంటికి ఎంత మందు అందింది. అసలు బిళ్ళ అంకెను 100 అనుకుని జెనరిక్ అంకెను దాంతో పోలుస్తారు. ఆ పోలిక 80కీ 125కీ మధ్య ఉండాలన్నది నియమం.

ఈ 80, 125 అంకెల దగ్గరే చదువుకున్నవాళ్ళు కూడా తప్పటడుగు వేస్తారు. "అంటే జెనరిక్‌లో మందు 20 శాతం తక్కువున్నా ఒప్పుకుంటారన్నమాట!" అని. కాదండీ. మొదటి సంగతి, ఈ అంకెలు బిళ్ళలో ఎంత మందు నింపారన్న దాని గురించి కావు. దానికి వేరే ప్రమాణాలున్నాయి, అవి అసలు బిళ్ళకూ జెనరిక్‌కూ ఒకటే. రెండో సంగతి, 80-125 మధ్య ఉండాల్సింది సగటు ఒక్కటే కాదు. కొద్దిమంది మీద చేసిన పరీక్ష గనుక, అసలైన సగటు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో గణాంక పద్ధతిలో ఒక పరిధి కడతారు. ఆ పరిధి ఈ కొస నుంచి ఆ కొసదాకా మొత్తం లోపలే ఉండాలి. లెక్క చెబుతాను. ఒక జెనరిక్ సగటు 96 వచ్చింది, దాని పరిధి 90 నుంచి 102 వరకు. నెగ్గింది. ఇంకోదాని సగటు 90, వినడానికి బాగానే ఉంది. కానీ దాని పరిధి 78 నుంచి 103. కింది కొస 80 దాటి కిందకు జారింది కాబట్టి తప్పింది. ఇక సగటే 80 ఉన్న బిళ్ళ సంగతి చెప్పేదేముంది, దాని పరిధిలో సగం బయటే ఉంటుంది. అంటే నెగ్గాలంటే సగటు 100కి బాగా దగ్గర్లో ఉండి తీరాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996 నుంచి 2007 వరకు తన దగ్గరకు వచ్చిన 2,070 పరీక్షలను కలిపి చూసుకుంటే, ఒంటికి అందిన మొత్తం మందులో అసలుదానికీ జెనరిక్‌కూ సగటు తేడా 3.56 శాతం తేలింది. గరిష్ఠస్థాయిలో 4.35 శాతం.

బ్రాండు అభిమానులకు ఇంకో సంగతి చెప్పాలి. అసలు కంపెనీ కూడా ఇదే పరీక్షను తన మందు మీద తానే చేసుకుంటుంది. ట్రయల్స్‌లో ఇచ్చిన బిళ్ళకూ తర్వాత అమ్మే బిళ్ళకూ తయారీలో పెద్ద తేడా ఉన్నా, మధ్యలో తయారీ విధానం బాగా మార్చినా, పాతదీ కొత్తదీ ఒకటేనని ఇలా రక్తం తీసే చూపించాలి. తన మందుకు చాలిన కొలత పక్కవాడి మందుకు చాలదనడం కుదరదు కదా.

పరీక్ష ఖర్చు తగ్గింది సరే, అంతమాత్రాన రేటు కుప్పకూలుతుందా? కూలదు. ఖర్చు తగ్గడం వల్ల కొత్తవాళ్ళు రంగంలోకి దిగే వీలు కలుగుతుంది, అంతే. రేటును దించేది ఆ దిగినవాళ్ళ పోటీ. ఎఫ్‌డీఏ 2019లో ఒక లెక్క బయటపెట్టింది. జెనరిక్ చేసే కంపెనీ ఒక్కటే ఉంటే, జెనరిక్ రాకముందు బ్రాండుకున్న ధరతో పోలిస్తే దాని ధర 39 శాతం తక్కువ. ఇద్దరు వస్తే 54 శాతం. నలుగురైతే 79. ఆరుగురు, అంతకు మించి వస్తే 95 శాతం పైగా తగ్గుతోంది. అమెరికాలో తయారీదారులు అమ్మే ధరల లెక్క ఇది. వేరే దేశంలో అంకెలు మారతాయి, వరస మాత్రం ఇదే.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ ఒకటి చూడండి. డారాప్రిమ్ అనే మందు ఉంది, పైరిమెథమిన్ దాంట్లోని రసాయనం పేరు. టాక్సోప్లాస్మోసిస్ అనే ఇన్ఫెక్షన్‌కు వాడతారు. 1950లలో వచ్చిన మందు, పేటెంటు ఎప్పుడో ముగిసింది. కానీ వాడే రోగులు తక్కువ కావడంతో అమెరికాలో దానికి జెనరిక్ చేసినవాళ్ళు లేరు. 2015లో ట్యూరింగ్ అనే కంపెనీ దాని హక్కులు కొనుక్కుని రేటును ఒక్కసారిగా 50 రెట్లకు పైగా పెంచేసింది. అక్కడ మొదటి జెనరిక్‌కు అనుమతి వచ్చింది 2020లో. కాబట్టి పేటెంటు పోయినంత మాత్రాన మందు చౌకైపోతుందని అనుకోకండి. ఎదురుగా మరో అమ్మకందారు నిలబడితేనే చౌకవుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. చాలా దేశాల్లో జెనరిక్ కంపెనీలు కూడా తమ బిళ్ళకు సొంత పేర్లు పెట్టుకుంటాయి, ప్రచారం చేసుకుంటాయి. వీటిని బ్రాండెడ్ జెనరిక్‌లు అంటారు. అట్ట మీద ఆకర్షణీయమైన పేరు కనిపించగానే ఇదే కనిపెట్టినవాళ్ళ మందు అనుకుంటాం. నిజానికి అదీ జెనరిక్కే, పక్కన పేరులేకుండా ఉన్న చౌక బిళ్ళ లాంటిదే. ఆ రెండింటి మధ్య రేటు తేడా చాలావరకు పేరుకూ దాని ప్రచారానికీ కడుతున్నదే.

మరి జెనరిక్‌కూ అసలుదానికీ తేడాలేమీ లేవా? ఉన్నాయి. రంగు, ఆకారం, రుచి, బిళ్ళను ముద్దగా పట్టి ఉంచే పిండి, పైన వేసే పూత. ఇవి మందు పనిని మార్చకూడదు. కానీ లాక్టోజ్ పడనివాళ్ళు, ఏదైనా రంగు పదార్థానికి అలర్జీ ఉన్నవాళ్ళు అట్ట మీదో, పెట్టెలోని కాగితం మీదో మిగతా పదార్థాల జాబితా చూసుకోవడం మంచిది. రంగు మారడం వల్ల మందుకేమీ కాదు గానీ మనిషికి అవుతుంది. నిన్నటిదాకా తెల్లటి గుండ్రటి బిళ్ళ, ఇవాళ పొడుగాటి గులాబీ రంగుది. వేరే మందేమో అనుకుని మానేసేవాళ్ళు ఉన్నారు. బిళ్ళ మారినప్పుడు ఇచ్చేవాళ్ళు ఆ ముక్క చెప్పి ఇవ్వాలి. చెప్పకపోతే మీరు అడగాలి.

ఇప్పుడు ఈ వ్యవస్థ తప్పిన చోటు గురించి చెప్పకపోతే నా ప్రసంగం కంపెనీ ప్రకటనలా ఉంటుంది. డిప్రెషన్‌కు వాడే బ్యూప్రోపియాన్ అనే మందు ఉంది. దాంట్లో రోజంతా కొంచెం కొంచెంగా విడుదలయ్యే రకం వెల్‌బ్యుట్రిన్ ఎక్స్‌ఎల్. దానికి జెనరిక్‌గా బ్యూడిప్రియాన్ ఎక్స్‌ఎల్ 300 మిల్లీగ్రాముల బిళ్ళను ఎఫ్‌డీఏ 2006 డిసెంబరులో అనుమతించింది. అయితే పరీక్ష చేసింది 150 మిల్లీగ్రాముల బిళ్ళ మీద. ఎక్కువ మోతాదు ఇస్తే ఆరోగ్యవంతులకు మూర్ఛ రావచ్చన్న భయంతో 300ది మనుషులకు ఇచ్చి చూడలేదు. 150 సరిపోలింది కనుక 300 కూడా సరిపోలుతుందని అంచనా వేశారు. బ్రాండు నుంచి దీనికి మారిన రోగుల్లో కొందరు మందు పనిచేయడం లేదని, దిగులు తిరగబెట్టిందని, తలనొప్పి, వికారం వస్తున్నాయని ఫిర్యాదులు పంపారు. మొదట్లో జబ్బు సహజంగా తిరగబెట్టి ఉండొచ్చని అధికారులు అనుకున్నారు. ఫిర్యాదులు ఆగలేదు. చివరికి ఎఫ్‌డీఏ తానే 24 మంది ఆరోగ్యవంతుల మీద 300 మిల్లీగ్రాముల బిళ్ళను పరీక్షించింది. చేరాల్సిన వేగంతో, చేరాల్సినంత మందు రక్తంలోకి చేరడం లేదని తేలింది. 2012 అక్టోబరులో ఆ బిళ్ళ వెల్‌బ్యుట్రిన్‌కు సమానం కాదని ప్రకటించింది. ఇతర కంపెనీలు చేస్తున్న 300 బిళ్ళలను కూడా అదే మోతాదులో పరీక్షించమంది.

నాకు దీంట్లో కనబడే పాఠం జెనరిక్‌లు నమ్మదగవని కాదు. ఆ బిళ్ళకు జరగాల్సిన పరీక్ష జరగలేదు, జరిగిన రోజు దొరికిపోయింది. మామూలుగా కరిగిపోయే అటోర్వాస్టాటిన్ లాంటి బిళ్ళకూ, గంటల తరబడి కొలిచినట్టు మందును వదలాల్సిన బిళ్ళకూ తయారీలో చాలా తేడా ఉంది. రెండోరకంలో మందు ఒకటే అయినా, దాన్ని పట్టి ఉంచే పూత తేడా చేస్తే రక్తంలో గీత మారిపోతుంది. పీల్చే మందుల విషయంలోనూ పోలిక కష్టమే, అక్కడ మందుతో పాటు అది వచ్చే పరికరం కూడా సరిపోలాలి.

ఇంకో జాగ్రత్త, కొన్ని మందులకు మాత్రమే. వాటిలో చాలినంతకూ ఎక్కువైనదానికీ మధ్య సందు చాలా సన్నం. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే ఫినిటోయిన్, అవయవమార్పిడి తర్వాత వేసుకునే టాక్రోలిమస్, థైరాయిడ్‌కు వాడే లెవోథైరాక్సిన్ అలాంటివి. ఐరోపాలో ఇలాంటి మందులకు 80-125 బదులు 90 నుంచి 111 దాకా ఇరుకు పరిధి పెడతారు. ఇందులోనూ జెనరిక్‌లు ఉన్నాయి, వాడొచ్చు. చేయకూడనిదల్లా నెలకో కంపెనీ మార్చడం. ఒక జెనరిక్ అసలుదానితో సరిపోలిందని తేల్చారు గానీ, రెండు జెనరిక్‌లను ఒకదానితో ఒకటి పోల్చలేదు. ఒకటి కొంచెం ఇటు, ఇంకోటి కొంచెం అటు ఉంటే వాటి మధ్య దూరం పెరుగుతుంది. అటోర్వాస్టాటిన్‌కు ఆ దూరం పట్టించుకోదగ్గది కాదు, వార్ఫరిన్‌కు కావచ్చు. కాబట్టి ఈ మందుల్లో చౌకది ఎంచుకోండి, ఎంచుకున్న కంపెనీని పట్టుకుని ఉండండి. తప్పనిసరై మారితే డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. లెవోథైరాక్సిన్ ఒంట్లో సర్దుకోవడానికి వారాలు పడుతుంది, అందుకే మారిన మర్నాడు పరీక్షకు వెళ్ళి ప్రయోజనం లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, థైరాయిడ్ ఎలా ఉందో తెలిపే టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. వార్ఫరిన్‌కు అంత ఆగకూడదు, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో తెలిపే ఐఎన్‌ఆర్ కొద్దిరోజుల్లోనే చూడాలి.

ఇక మందుల సంచీ తెచ్చి నా ముందు బోర్లించేవాళ్ళ దగ్గర నేను మొదట వెతికేది ఒకటుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన అట్ట ఒకటి, అంతకుముందు నుంచి ఇంట్లో ఉన్నది ఇంకోటి. పైన పెద్ద అక్షరాల్లో రెండు వేర్వేరు పేర్లు. కింద చిన్న అక్షరాల్లో రెండింటి మీదా అటోర్వాస్టాటిన్ 40 మి.గ్రా. అని. కొత్త పేరు కాబట్టి కొత్త మందేననుకుని రెండూ వేసుకుంటారు. అంటే రోజుకు 80. కొలెస్ట్రాల్ మందు ఎక్కువైతే కండరాల నొప్పులు రావచ్చు, ఆ నొప్పులకు ఇంకో మాత్ర తోడవుతుంది. ఈసారి ఇంట్లో ఉన్న అట్టలన్నీ తిరగేసి, పెద్ద అక్షరాలు వదిలేసి, చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఏ పేరైనా రెండుసార్లు వస్తే సొంతంగా ఏదీ ఆపేయకండి, ఆ రెండు అట్టలూ పట్టుకుని మీ డాక్టరు దగ్గరకో ఫార్మసిస్టు దగ్గరకో వెళ్ళండి.

నమస్కారం.